బ్యాడ్మింటన్ అకాడమీ నుంచి పాపను మాన్పించాం: ఫీజు, కిట్, కాషన్ డిపాజిట్ లెక్క ఎలా తేలిందంటే

మా అమ్మాయి హైదరాబాద్ శివార్లలోని ఒక రెసిడెన్షియల్ బ్యాడ్మింటన్ అకాడమీలో దాదాపు మూడేళ్లు ఉంది. పేరు రాయను. కోచింగ్ విషయంలో వంక పెట్టడానికేమీ లేదు, ఫుట్‌వర్క్ అక్కడే కుదిరింది, పొద్దున్నే ఫిట్‌నెస్ చేయించే కోచ్‌ని మా పాప ఇప్పటికీ తలుచుకుంటుంది. పదో తరగతి, మోకాలి నొప్పి రెండూ కలిసి రావడంతో ఖమ్మంలో ఇంటి దగ్గరే ఆడించుకుందామని ఈ జూలైలో మాన్పించాం. చేరేటప్పుడు ఎంతో మర్యాదగా ఉన్న ఆఫీసు, బయటికి వచ్చేటప్పుడు ఎలా ఉంటుందో చెప్పడానికే ఇది రాస్తున్నా.

అగ్రిమెంట్ మీద సంతకం మాది, పాపది కాదు. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలు ఒప్పందం చేసుకోవడం చట్ట ప్రకారం చెల్లదు కాబట్టి డబ్బు కట్టేదీ, మానేస్తున్నామని రాసిచ్చేదీ తల్లిదండ్రులే. పాప కోచ్‌కి చెప్పింది, కోచ్ సరేనన్నారు అంటే అది నోటీసు కాదు. మా అగ్రిమెంట్‌లో 30 రోజుల ముందు రాతపూర్వకంగా చెప్పాలని ఉంది. జూలై 1న మెయిల్ పెట్టాం, చివరి రోజు జూలై 31 అని తేదీ వేశాం, అదే కాగితం ఆఫీసులో ఇచ్చి మా కాపీ మీద స్టాంపు వేయించుకున్నాం. తర్వాత మాటామాటా వచ్చినప్పుడు నిలబడింది ఆ స్టాంపే.

ఫీజు మూడు నెలలకోసారి కడతాం. జూన్ నుంచి ఆగస్టు వరకు కోచింగ్‌కి 60,000, దాని మీద 18 శాతం జీఎస్టీ. మెస్‌కి నెలకు 8,000, గదికి 4,000 విడిగా. చేరినప్పుడు కట్టిన కాషన్ డిపాజిట్ 50,000. ఆగస్టు సేవలు మేం వాడుకోలేదు కదా, ఆ నెల డబ్బు, డిపాజిట్ వెనక్కి రావాలని అడిగితే మేనేజర్ ఫోన్‌లో "మేడమ్, ఒకసారి కట్టిన ఫీజు రీఫండ్ ఉండదండీ, ఏడాది మధ్యలో మానేస్తే డిపాజిట్ కూడా రాదు, మీరే సంతకం పెట్టారు" అన్నారు. ఫోన్‌లో వాదించకుండా, ఏ పద్దు కింద ఎంత పట్టుకుంటున్నారో మెయిల్‌లో రాసి పంపమన్నాం. అసలు పని అక్కడే మొదలైంది, ఎందుకంటే లెక్క కాగితం మీదికి వచ్చేసరికి వాళ్లే డిపాజిట్ మొత్తం పోయిందనే మాట వదిలేసి కోతల జాబితా పంపారు.

జాబితాలో రెండు రాకెట్లకు 9,000, ట్రాక్‌సూట్, టీషర్టులకు 5,500, షటిళ్లకు 6,600, గదికి రంగు వేయించడానికి 4,000. మొత్తం 25,100, దాని మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ 4,518. మాకు ఇచ్చేది 20,382 అట. ఆగస్టు ఫీజు ఊసే లేదు.

మేం ఒక్కో పద్దూ పట్టుకుని కూర్చున్నాం. డ్రెస్సులకు ఏటా కిట్ ఫీజు కడుతూనే ఉన్నాం, రసీదులు ఉన్నాయి, అవి పాప సొంతం; ఆ 5,500 కొట్టేశారు. రాకెట్ల సంగతి వేరు. అవి అకాడమీవి, హ్యాండిల్ పైన తెల్ల పెయింటుతో నంబరు రాసి వాడుకోవడానికి ఇస్తారు. పిల్లలంతా స్టోర్ బాబాయ్ అని పిలిచే పెద్దాయన దగ్గర పొడుగాటి రిజిస్టరు ఉంటుంది, తీసుకున్న తేదీ ఒక గడిలో, తిరిగిచ్చిన తేదీ పక్క గడిలో. మా పాప పేరు ఎదుట మొదటి రాకెట్ సంక్రాంతి సెలవుల ముందే తిరిగొచ్చినట్టు ఆయన చేతి రాతతోనే ఉంది, ఆఫీసు ఆ పేజీ చూడనే లేదు. రెండోది డబుల్స్ ఆడుతూ పార్ట్‌నర్ రాకెట్‌కి తగిలి ఫ్రేమ్ పగిలింది, అది నిజం. కానీ దాన్ని రెండేళ్లు వాడారు, కొత్త రాకెట్ ధర ఎలా అడుగుతారు? సగం ధర 2,250కి ఒప్పుకున్నాం. షటిళ్ల చార్జీ నెలకు 2,200 చొప్పున మూడు నెలలకు వేశారు, ఆగస్టులో పాప అక్కడ లేదు, కాబట్టి రెండు నెలలకే, 4,400. రంగు విషయంలో మాత్రం నాకు ఇప్పటికీ కోపమే. పిల్లలు ఉన్న గదికి గోడ మాసిపోవడం డ్యామేజ్ ఎలా అవుతుంది? మంచం పక్కన పోస్టర్లు అంటించిన చోట సున్నం ఊడింది, దానికి 1,500 ఇచ్చి ఊరుకున్నాం.

జీఎస్టీ గురించి ఇది తెలుసుకోండి. డిపాజిట్ అనేది ఫీజు కింద సర్దుకునేదాకా పన్ను లెక్కలోకి రాదు. అందులోంచి షటిళ్ల చార్జీ లాంటిది పట్టుకుంటే పన్ను వేయొచ్చు, కానీ బిల్లు ఇవ్వాలి. "పన్ను వేశారు కదా, బిల్లు పంపండి" అని అడిగాం. షటిళ్ల మీద 792 ఉంచి మిగతాది తీసేశారు. అలా కోతలు మొత్తం 8,942, డిపాజిట్‌లో మాకు రావాల్సింది 41,058.

ఆగస్టు ఫీజుకు వాళ్లు ఒక పట్టాన దిగలేదు. 30 రోజుల నోటీసుతో ఒప్పందం ముగుస్తుందని మీరే రాసి, ముగిశాక నెలకు కూడా డబ్బు ఉంచుకుంటామంటే ఎలా అని రాశాం. 1872 కాంట్రాక్ట్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం ఒప్పందంలో జరిమానా ఎంతని రాసుకున్నా, ఆ మొత్తానికి మించకుండా న్యాయమైన పరిహారమే వస్తుందని కూడా గుర్తు చేశాం. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో చెల్లించిన మొత్తం 5 లక్షల లోపుంటే ఫిర్యాదుకు ఫీజు లేదు, రెండేళ్లలోపు వేయాలి; ముందుగా 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేసుకోవచ్చు. మెయిల్‌లో ఈ మాట ఉన్నాక మెస్ 8,000 పూర్తిగా, కోచింగ్‌లో సగం అంటే పన్నుతో కలిపి 11,800 ఇస్తామన్నారు, పన్ను తగ్గినందుకు క్రెడిట్ నోటు కూడా ఇచ్చారు. పూర్తిగా రాలేదు, గది అద్దె అసలే ఇవ్వలేదు. కేసు దాకా వెళ్తే ఇంకొంత వచ్చేదేమో, కానీ పదో తరగతి ఏడాదిలో ఆ టెన్షన్ వద్దనుకుని మొత్తం 60,858కి సరేనన్నాం.

ఇక్కడే ఇంకో మెలిక ఉంది. చెక్కు ఇవ్వకముందే "మాకు రావాల్సినదంతా అందింది, ఇక ఏ క్లెయిమూ లేదు" అనే నో డ్యూస్ కాగితం మీద సంతకం పెట్టమన్నారు, అందులో మొత్తం రాసే చోట ఖాళీ. ఆ ఖాళీతో ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టకండి. మొత్తం అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాయించి, డబ్బు ఖాతాలో పడ్డాకే మా ఆయన సంతకం చేశారు.

పాప బర్త్ సర్టిఫికెట్ ఒరిజినల్ కూడా వాళ్ల ఫైల్లోనే ఉండిపోయింది, సెటిల్‌మెంట్ అయ్యాక ఇస్తామన్నారు. జూనియర్ టోర్నీల్లో వయసు రుజువు లేకుండా అడుగు ముందుకు పడదు, అందుకే దాన్ని డబ్బు గొడవతో కలపనివ్వకుండా వేరే మెయిల్‌లో అడిగి తెచ్చుకున్నాం. ఫెడరేషన్ ప్లేయర్ ఐడీకి చేరినప్పుడు అకాడమీ వాళ్ల మెయిల్, ఫోన్ నంబరు ఇచ్చేశారు, అది మార్పించేదాకా పాపకు వచ్చే సమాచారమంతా వాళ్లకే పోయేది. చివరి రోజు సామాను కారులోకి ఎక్కించే ముందే ఆఫీసు కంప్యూటర్ దగ్గర నిలబడి ఆ రెండూ మా పేరు మీదికి మార్పించుకుని వచ్చాం.