ఆండ్రాయిడ్ బ్యాకప్: నంబర్లు వచ్చినంత సులువుగా మెసేజ్‌లు రావు

ఆండ్రాయిడ్ ఫోన్లో గూగుల్ ఖాతాతో వచ్చే బ్యాకప్‌ను ఏళ్లుగా వాడుతున్నాను. అందులో కాంటాక్ట్స్ సింక్ నాకు ఎంతో ఇష్టం. ఫ్యాక్టరీ రీసెట్ అయిన ఫోన్లో పాత జీమెయిల్‌తో లాగిన్ అయితే చాలు, కొద్దిసేపట్లో పేర్లూ నంబర్లూ వాటంతటవే వచ్చేస్తాయి. చిక్కల్లా ఆ సులువు చూసి మెసేజ్‌లు కూడా అట్లనే వస్తాయని జనం నమ్మడంతోనే వస్తుంది.

వరంగల్ ఏనుమాముల మార్కెట్లో మిర్చి అడ్తి నడిపే ఒకాయన ఫోన్ సంగతి చెబితే ఇది బాగా తెలుస్తుంది. ఆయన ప్యాటర్న్ మరిచిపోయి రిపేరు కౌంటర్‌కు వెళ్లాడు. వాళ్లు బ్యాకప్ ఉందా అని కూడా అడగకుండా, రికవరీ మెనూలోకి వెళ్లి Wipe data/factory reset నొక్కేశారు. నాకు కోపమంతా ఇక్కడే. ఫోన్ తెరుచుకున్నాక పాత జీమెయిల్, దాని పాస్‌వర్డ్ అడిగింది. అవి ఆయనకు గుర్తున్నాయి. తర్వాత పాత బ్యాకప్ తెచ్చుకునే స్క్రీన్ వచ్చింది. తన ఫోన్ పేరు ఎంచుకోగానే పాత ఫోన్ స్క్రీన్ లాక్ గీయమంది. ఆ ప్యాటర్న్ మరిచిపోయే కదా రీసెట్ చేయించింది! దాటవేసి ముందుకెళ్లారు. "నంబర్లు వచ్చినయి గదా, మెసేజ్‌లు ఎందుకు రాలే?" అన్నది ఆయన ప్రశ్న.

కాంటాక్ట్స్ ఉండేది బ్యాకప్‌లో కాదు, నేరుగా జీమెయిల్ ఖాతాలోనే. అందుకే ఖాతా పాస్‌వర్డ్ తెలిస్తే చాలు. ఎస్సెమ్మెస్‌లు, కాల్ హిస్టరీ, సెట్టింగులు మాత్రం బ్యాకప్ మూటలోకి వెళ్తాయి. ఆండ్రాయిడ్ 9 నుంచి ఆ మూటకు వేసే తాళం మన స్క్రీన్ లాక్‌తో ముడిపడి ఉంటుంది. గూగుల్ వాళ్లు కూడా తెరవలేరు. తప్పు ప్యాటర్న్ ఎక్కువసార్లు గీస్తే ఆ బ్యాకప్ శాశ్వతంగా మూసుకుపోతుంది, కాబట్టి ఊహించి గీస్తూ పోవద్దు. భద్రత కోసం ఇది మంచి ఏర్పాటే, నేను ఒప్పుకుంటాను. కానీ లాక్ మరిచిపోయి రీసెట్ చేసేవాళ్లకే ఇది పనికిరాదన్న మాట రీసెట్ బటన్ నొక్కకముందే ఎవరైనా చెప్పాలి. ఫోన్ ఇంకా రీసెట్ కాలేదంటే తొందర వద్దు. ఇంట్లో ఎవరైనా లాక్ మార్చారేమో కనుక్కోండి, రెండు రోజులు ఆగినా నష్టం లేదు.

లాక్ తెలిసి కూడా తొందరలో ఆ స్క్రీన్ దాటేసినవాళ్లకు దారి ఉంది. కొత్తగా ఏమీ ఎక్కించకముందే గూగుల్ డ్రైవ్ యాప్ మెనూలో Backups తెరిచి, పాత ఫోన్ పేరుతో, పాత తేదీతో బ్యాకప్ ఉందో లేదో చూడండి. ఉంటే ఫోన్‌ను మళ్లీ రీసెట్ చేసి, ఈసారి ఆ స్క్రీన్ దగ్గర ఆగి బ్యాకప్‌ను ఎంచుకోండి. ఎక్కువ వెర్షన్ ఆండ్రాయిడ్‌లో తీసిన బ్యాకప్ తక్కువ వెర్షన్ ఫోన్లోకి రాదు. ఫోన్‌ను 57 రోజులు వాడకుండా పక్కన పెడితే దాని బ్యాకప్‌ను తొలగించే అవకాశం ఉంది. రిపేరులో నెలల తరబడి పడి ఉండే ఫోన్లకు ఈ గడువు ముఖ్యం.

డబ్బు తీసుకుని "రికవరీ సాఫ్ట్‌వేర్‌తో తీసిస్తాం" అనేవాళ్ల మాట నమ్మకండి. ఇప్పటి ఫోన్లలో లోపలి మెమరీ అంతా ఎన్‌క్రిప్షన్‌లో ఉంటుంది. రీసెట్ అంటే ఆ తాళంచెవిని చెరిపేయడమే. మిగిలిన అక్షరాలను ఏ సాఫ్ట్‌వేరూ చదవలేదు. మామూలుగా వాడే మెమరీ కార్డు సంగతి వేరు. దాన్ని ఫోన్ మెమరీలో కలిపేసుకోకుండా ఉంటే అందులోని ఫైళ్లు అట్లనే ఉంటాయి, ఎప్పుడో దాచిన .vcf కాంటాక్ట్స్ ఫైలు దొరికినా దొరకవచ్చు.

కాంటాక్ట్స్‌ను అంత మెచ్చుకున్నాను గానీ, అడ్తి ఆయనకు అవీ పూర్తిగా రాలేదు. కొందరు రైతుల నంబర్లు తప్పిపోయాయి. నంబర్ సేవ్ చేసేటప్పుడు ఎక్కడ అని అడిగితే కొన్నిసార్లు జీమెయిల్, కొన్నిసార్లు ఫోన్, కొన్నిసార్లు సిమ్ నొక్కాడు. ఫోన్లో పెట్టినవి రీసెట్‌తో పోయాయి. సిమ్‌లోవి పోలేదు. కాంటాక్ట్స్ యాప్‌లో ఇంపోర్ట్ నొక్కితే వచ్చాయి, కాకపోతే సిమ్‌లో పేరుకు చోటు చాలా తక్కువ, పొడుగు పేర్లు సగానికి తెగిపోయాయి. ఇంకొన్ని వాట్సాప్ పాత చాట్లలో దొరికాయి. ఫోన్ సెట్టింగుల్లో గూగుల్ విభాగంలోని కాంటాక్ట్స్ సింక్‌లో Also sync device contacts ముందే ఆన్ చేసి ఉంటే ఫోన్లోని నంబర్లు కూడా ఖాతాలోకి వెళ్లేవి.

రీసెట్ తర్వాత గందరగోళంలో ఉన్న నంబర్లను కూడా చెరిపేసుకుంటే, contacts.google.com లో Undo changes ఉంది. 30 రోజుల లోపు ఏ స్థితికైనా వెనక్కి తెస్తుంది. అయితే మధ్యలో కొత్తగా చేర్చిన నంబర్లు పోతాయి, అందుకే ముందు ఎక్స్‌పోర్ట్ చేసి ఒక కాపీ దాచండి.

వాట్సాప్ బ్యాకప్ వేరు, దానికి ఈ ప్యాటర్న్‌తో సంబంధం లేదు. అదే నంబరు, అదే జీమెయిల్ ఉంటే, నంబర్ వెరిఫై అయిన వెంటనే రీస్టోర్ అడుగుతుంది. అక్కడ దాటవేసి వాడుకుంటూ పోతే కొత్త బ్యాకప్ పాతదాని మీద పడుతుంది, తర్వాత ఎంత వెతికినా రాదు. దాటేసినట్టు గమనిస్తే వెంటనే యాప్ తీసేసి మళ్లీ ఎక్కించండి. ఎన్‌క్రిప్టెడ్ బ్యాకప్ పెట్టుకున్నవాళ్లకు మాత్రం దాని పాస్‌వర్డ్ లేదా 64 అంకెల కీ కావాలి.

ఆయనకు అన్నిటికన్నా ఎక్కువ నష్టం నోట్స్‌లో జరిగింది. ఏ రైతువి ఎన్ని బస్తాలు, ఎవరికి ఎంత అడ్వాన్స్ అన్న లెక్కలు ఫోన్‌తో వచ్చిన నోట్స్ యాప్‌లో రాసుకున్నాడు. అది ఆ ఫోన్ కంపెనీ సొంత ఖాతాలో సింక్ ఆన్ చేస్తేనే కాపీ దాస్తుంది. ఆయన అది ఆన్ చేయలేదు, గూగుల్ బ్యాకప్‌లో ఆ నోట్స్ లేవు. కొన్ని లెక్కలు మాత్రం వాట్సాప్‌లో రైతులకు పంపిన ఫొటోల్లో దొరికాయి. గూగుల్ కీప్‌లో రాసుకుని ఉంటే కాంటాక్ట్స్ లాగే ఖాతాలోనే ఉండేవి. కీప్‌లో చెరిపిన నోట్ కూడా చెత్తబుట్టలో 7 రోజులు ఉంటుంది.

నా మటుకు ఈ బ్యాకప్ బాగానే ఉంది. ఇంట్లో వైఫై ఉంది, రాత్రంతా ఫోన్ చార్జింగ్‌లో ఉంటుంది. దానంతటది నడవడానికి కావలసింది అదే. మొబైల్ డేటా మీదే ఉండి, చార్జింగ్ అక్కడక్కడా పెట్టుకునేవాళ్లకు అంత మాట ఇవ్వలేను. వాళ్లు అప్పుడప్పుడు Back up now నొక్కి, చివరి బ్యాకప్ తేదీ మారిందో లేదో చూసుకోవాలి. బ్యాంకు మెసేజ్‌ల మీద వ్యాపారం నడిచేవాళ్లయితే SMS Backup & Restore యాప్‌తో మెసేజ్‌లను విడిగా డ్రైవ్‌లోకి పంపడం మేలు. అది ఎక్స్ఎమ్ఎల్ ఫైలుగా దాస్తుంది, ఫోన్ సెటప్ అయిపోయాక ఎప్పుడైనా వెనక్కి తెచ్చుకోవచ్చు. తెచ్చేటప్పుడు కాసేపు దాన్నే డిఫాల్ట్ మెసేజ్ యాప్‌గా పెట్టమంటుంది. పని కాగానే పాత యాప్‌కు మార్చుకోండి.