కాలరేఖా, లింకులా? జీకే గుర్తుండాలంటే ఏది మేలు

మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో ఆదివారం సాయంత్రాలు తెలుగువాళ్లం పది పదిహేను మంది కూర్చుని క్విజ్ ఆడుకుంటాం. గ్రూప్స్‌కి చదివేవాళ్లు కొందరు, ఆఫీసు క్విజ్‌ల పిచ్చి ఉన్నవాళ్లు కొందరు. కొత్తగా వచ్చినవాళ్లు దాదాపు అందరూ నన్ను అడిగేది ఒకటే: "అన్నా, టైమ్‌లైన్ గీసుకుని చదవాలా, ఒకదానికొకటి లింక్ చేసుకుంటూ పోవాలా?" ప్రతివారం నోటితో చెప్పి అలసిపోయాను కాబట్టి ఈసారి రాసి పెడుతున్నాను.

మనందరికీ తెలిసిన రాష్ట్రాల ఏర్పాటునే తీసుకుందాం. నేను మొదట్లో పక్కా టైమ్‌లైన్ మనిషిని. ఏ4 కాగితం అడ్డంగా పెట్టి గీత గీసి, 1952లో పొట్టి శ్రీరాములు దీక్ష, 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1953లో రాష్ట్రాలను ఎలా పునర్వ్యవస్థీకరించాలో చెప్పే ఫజల్ అలీ కమిషన్, 1956లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం అని వరసగా రాసుకున్నాను. చూడటానికి ముచ్చటగా ఉండేది. ఓ క్విజ్‌లో "ఫజల్ అలీ కమిషన్ వేసేనాటికి ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిందా, లేదా?" అని అడిగారు. రెండూ నా కాగితం మీద 1953 దగ్గరే ఉన్నాయి. ఏది ముందో తేల్చుకోలేక, కమిషన్ చెబితేనే కదా రాష్ట్రం ఇస్తారు అనుకుని, "లేదు" అనేశాను. తప్పు.

జరిగిన క్రమం ఇది. శ్రీరాములు 1952 డిసెంబరు 15న మద్రాసులో చనిపోయారు. నాలుగు రోజుల తర్వాత నెహ్రూ ఆంధ్ర రాష్ట్రం ఇస్తామని ప్రకటించారు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా రాష్ట్రం ఏర్పడింది. తెలుగువాళ్లకు ఇచ్చారు కదా, మాకెందుకు ఇవ్వరని మిగతా భాషల వాళ్లు పట్టుబట్టడంతో ఆ డిసెంబరులో కమిషన్ వేయక తప్పలేదు. "మిగతావాళ్లు పట్టుబట్టారు" అన్న ఆ ఒక్క వాక్యం గీత మీద రెండు చుక్కల మధ్య రాసుకుని ఉంటే నెల గుర్తులేకపోయినా క్రమం తప్పేది కాదు.

నా దృష్టిలో రెండింటి మధ్య తేడా తేలేది ఇక్కడే. ఏది ఎక్కువ గుర్తుంటుంది అన్నది నాకు పెద్ద విషయం కాదు, మూడు నెలలకు ఏదైనా కొంత పోతుంది. పోయినదాన్ని మళ్లీ ఎలా రాబట్టుకుంటాం అన్నదే నాకు ముఖ్యం. టైమ్‌లైన్‌లో ఒక చుక్క చెరిగిపోతే పక్క చుక్కలు పెద్దగా సాయం చేయవు. 1952కీ 1956కీ మధ్య ఏదో జరిగిందని మాత్రం తెలుస్తుంది. కారణంతో కట్టిన లింకయితే ఇటు నుంచైనా అటు నుంచైనా లాక్కోవచ్చు.

కర్నూలునే చూడండి. "ఆంధ్ర రాష్ట్ర రాజధాని కర్నూలు" అని బట్టీ పట్టినవాళ్లు కోకొల్లలు. ఎందుకు కర్నూలు? 1937లో మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు ఇంట్లో కోస్తా, రాయలసీమ నాయకులు ఒక ఒప్పందానికి వచ్చారు. ఆ ఇంటి పేరు శ్రీబాగ్, అందుకే శ్రీబాగ్ ఒప్పందం. రాజధాని, హైకోర్టుల్లో ఒకటి రాయలసీమకు రావాలన్నది అందులో ఒక మాట. అందుకే రాజధాని కర్నూలుకు, హైకోర్టు గుంటూరుకు వెళ్లాయి. 2020లో మూడు రాజధానుల చట్టం వచ్చి కర్నూలు న్యాయ రాజధాని అన్నప్పుడు పేపర్లలో శ్రీబాగ్ పేరు మళ్లీ కనిపించింది కదా, అది ఈ లింకుకు కొత్త కొస. ఆ చట్టాన్ని 2021 నవంబరులో వెనక్కి తీసుకున్నారు, అది ఇంకో కొస. ఇప్పుడు శ్రీబాగ్ అడిగినా, గుంటూరు హైకోర్టు అడిగినా, 2020 చట్టం అడిగినా తోవ ఒకటే. కరెంట్ అఫైర్స్‌ను విడిగా చదవకుండా ఇలా పాత కొసకు ముడివేస్తే చాలావరకు నిలుస్తుంది.

అలాగని లింకులన్నీ మంచివి కావు. ప్రాస కలిసిందనో, అంకె కలిసిందనో వేసే ముడి మొదటి వారం బాగానే ఉంటుంది, తర్వాత మోసం చేస్తుంది. జార్ఖండ్ 2000 నవంబరు 15న ఏర్పడింది, అది బిర్సా ముండా పుట్టినరోజు. లద్దాఖ్ 2019 అక్టోబరు 31న కేంద్రపాలిత ప్రాంతమైంది, అది పటేల్ పుట్టినరోజు. మనిషిని బట్టి తేదీ గుర్తుంటుంది కాబట్టి రెండూ గట్టి లింకులే. కానీ ఇద్దరూ పుట్టింది 1875లోనే, 2025లో ఇద్దరికీ నూటయాభై ఏళ్లు నిండాయి. "1875, నూటయాభై" అన్నదాన్నే లింకుగా పెట్టుకున్న మా కుర్రాడొకడు, బిర్సా ముండా పుట్టినరోజున జరిపే జనజాతీయ గౌరవ దినోత్సవం ఎప్పుడంటే అక్టోబరు 31 అన్నాడు. అంకె ఇద్దరికీ కుదిరింది, మనిషి జారిపోయాడు. నవంబరు 1 కూడా అంతే. ఆంధ్రప్రదేశ్, కేరళ, మధ్యప్రదేశ్, మైసూరు 1956లో, హర్యానా 1966లో, ఛత్తీస్‌గఢ్ 2000లో, అన్నీ ఆ ఒక్క తేదీకే. ఒకే మేకుకు ఇన్ని తగిలిస్తే ఒకటి తీయబోతే ఇంకోటి చేతికొస్తుంది. అలాంటిచోట తేదీని వదిలి సంవత్సరం పట్టుకోవాలి, అంటే మళ్లీ గీత దగ్గరికే వెళ్లాలి.

అందుకని టైమ్‌లైన్‌ను పూర్తిగా వదలను. ఒక విషయానికి ఐదారు చుక్కలకు మించి పెట్టను. ఒకే ఏడాదిలో రెండు పడితే నెల తప్పనిసరిగా రాస్తాను. ప్రతి రెండు చుక్కల మధ్యా "అందువల్ల" అనే మాట వచ్చేలా ఒక వాక్యం రాస్తాను. రాయడానికి వాక్యం దొరకకపోతే నాకు విషయం తెలియదని అర్థం. మర్నాడు కాగితం చూడకుండా మళ్లీ గీస్తాను, తర్వాత నాలుగో రోజు, ఆపైన రెండు వారాలకు. ఈసారి చివరి చుక్క నుంచి వెనక్కి. 2014 తెలంగాణ నుంచి మొదలుపెట్టి, తెలంగాణను అప్పటికి విడిగానే ఉంచి, 1961 ఎన్నికల తర్వాత కావాలంటే కలపవచ్చని 1955లోనే ఫజల్ అలీ కమిషన్ చెప్పిందన్న చోటికి ఆగకుండా రాగలిగితే ఆ లింకు నిలిచినట్టే. ముందు నుంచి మాత్రమే చెప్పగలుగుతుంటే అది ఇంకా బట్టీయే.

లింకులకు ఒక లోటుంది, వేగం. బజర్ రౌండులో తోవ పట్టుకుని నడిచే టైముండదు, పక్క టీమ్ నొక్కేస్తుంది. సంఘటనలను కాలక్రమంలో పెట్టమనే ప్రశ్నకు కూడా గీతే చురుకు. ఆప్షన్లు ఇచ్చే పరీక్షలో మాత్రం లింకులదే పైచేయి. "మొదటి భాషా ప్రాతిపదిక రాష్ట్రం ఆంధ్ర" అన్న వాక్యం చూడగానే, 1936లో ఒడిశా గుర్తొచ్చి, "స్వాతంత్ర్యం తర్వాత" అన్న మాట ఉందా లేదా అని కన్ను వెతుకుతుంది.

మిగతావాటికి వస్తే, నెలవారీ వన్‌లైనర్ పీడీఎఫ్‌లు పరీక్ష ముందు రోజు తిరగేయడానికి సరిపోతాయి. ఫ్లాష్‌కార్డ్ యాప్‌లు దేశాల రాజధానులు, కరెన్సీల వంటి కారణం లేని జంటలకు బాగుంటాయి. యూట్యూబ్ క్విజ్ వీడియోలు నేను బట్టలు మడతపెట్టేటప్పుడు చూస్తాను.