పార్లర్ టర్నోవర్ 20 లక్షలు దాటుతోంది, జీఎస్టీలో కాంపోజిషనా రెగ్యులరా, ఏది మేలు?

బెంగళూరు మారతహళ్లిలో మా వదిన పార్లర్ లెక్కలు రాసేది నేనే. నెలకి సర్వీసుల మీద 2 లక్షలు, కౌంటర్లో అమ్మే ఫేస్ క్రీముల మీద ఇంకో 20 వేలు వస్తున్నాయి, అంటే ఏప్రిల్ నుంచి లెక్కేస్తే జనవరి మొదట్లోనే 20 లక్షలు దాటుతుంది. దాటిన 30 రోజుల్లోపు జీఎస్టీ రిజిస్ట్రేషన్‌కి అప్లై చెయ్యాలి. 40 లక్షల దాకా అక్కర్లేదట కదా అంది వదిన, అది సరుకు మాత్రమే అమ్మేవాళ్లకి వదినా, మనది సర్వీసు అన్నాను.

వాళ్ల కాంప్లెక్స్‌లో అందరూ అమ్మకాల మొత్తం మీద ఒకే రేటు కట్టే కాంపోజిషన్ స్కీము తీసుకో, తలనొప్పి ఉండదు అన్నారు. తలనొప్పి లేని మాట నిజమే. మూడు నెలలకోసారి టాక్స్ కట్టి CMP-08 ఫారం, ఏడాదికోసారి GSTR-4 రిటర్న్, అంతే. కానీ రేటు 6 శాతం, అదీ మన జేబులోంచే, కస్టమర్ దగ్గర టాక్స్ అని విడిగా తీసుకోకూడదు, టాక్స్ ఇన్‌వాయిస్ కాకుండా బిల్ ఆఫ్ సప్లై ఇవ్వాలి. ఒకప్పుడు పార్లర్‌కి రెగ్యులర్‌లో 18 శాతం ఉండేది కాబట్టి ఈ సలహాకి అర్థం ఉంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి అది 5 శాతానికి తగ్గింది, కాకపోతే సర్వీసుకి వాడే సామాన్లు కొన్నప్పుడు కట్టిన టాక్స్‌ని మనం కట్టాల్సిన దాంట్లోంచి తగ్గించుకునే ఇన్‌పుట్ క్రెడిట్ రాదు.

లెక్క చూడండి. కాంపోజిషన్‌లో 2,20,000 మీద 6 శాతం, 13,200. రెగ్యులర్‌లో రేట్లు ఒక్క రూపాయి పెంచకుండా ఇప్పుడున్న ధరలోనే టాక్స్ కలిసుందనుకున్నా సర్వీసుల మీద 9,524. క్రీముల మీద 18 శాతం, 20,000లో 3,051 టాక్స్, కొన్నప్పుడు కట్టిన 2,160 క్రెడిట్ తీసేస్తే 891. మొత్తం 10,415. నెలకి 2,785 మిగులు. నేనైతే రెగ్యులరే అంటాను. మూడు నెలలకోసారి రిటర్న్ వేసే పద్ధతి ఇందులోనూ ఉంది, మధ్య నెలల్లో మాత్రం టాక్స్ కట్టాలి.

రికార్డుల పని మాత్రం ఎక్కువే. బిల్లు నంబర్లు వరసగా ఉండాలి, మధ్యలో ఒకటి పోకూడదు. 200 లోపు ఐబ్రోస్‌కి కస్టమర్ బిల్లు అడక్కపోతే సాయంత్రం అన్నిటికీ కలిపి ఒకటి రాస్తే సరిపోతుంది. యూపీఐలో పడినవి రోజూ బిల్లులతో టిక్ పెట్టుకోవాలి, చిట్టీ డబ్బులు, చెల్లెలు పంపినవి పక్కన రాసుకోవాలి. 2025 జూలైలో ఇక్కడ చిన్న షాపులవాళ్లకి యూపీఐ లెక్కలు చూసే నోటీసులొచ్చాయి, గుర్తుందిగా.

అసలు చిక్కు స్టాకు. అమ్మకానికి కొన్న క్రీముకే క్రెడిట్, ఫేషియల్‌కి వాడితే రాదు, తీసుకున్న క్రెడిట్ వెనక్కి కట్టాలి. మొన్న పని నేర్చుకునే అమ్మాయి లోపల డబ్బా అయిపోయిందని షెల్ఫ్ మీదది విప్పేసింది, నెలాఖరున రెండు డబ్బాలు ఎక్కడికి పోయాయో తెలీక గంట వెతికాం. ఇప్పుడు అమ్మకం డబ్బాలకి ఎర్ర స్టిక్కర్, విప్పితే పుస్తకంలో తేదీ వేసి సంతకం.