మినిమమ్ ఆర్డర్ పెట్టాం, కూపన్ దగ్గర పోగొట్టుకున్నాం (రెండేళ్లు వాడాక)

మేం ఆన్‌లైన్ ఆర్డర్లు తీసుకునే సాఫ్ట్‌వేర్‌లో మినిమమ్ ఆర్డర్, డెలివరీ ఛార్జి సెట్టింగులను రెండేళ్లుగా వాడుతున్నాను. ఎక్కడ నొక్కాలి, ఎలా మొదలుపెట్టాలి అనేవి అందరికీ తెలిసినవే కాబట్టి వదిలేస్తున్నా. నా కోపమంతా ఒక్కదాని మీదే. మినిమమ్ ఆర్డర్ దాటిందా లేదా అని అది చూసేది కూపన్ తగ్గింపు తీసేయకముందు ఉన్న మొత్తాన్ని. ఈ ఒక్క విషయం కనిపెట్టడానికి నాకు ఏడు నెలలు పట్టింది, ఆ ఏడు నెలలూ డెలివరీలు బాగా పెరుగుతున్నాయని సంతోషపడుతూనే ఉన్నాం.

అసలు మినిమమ్ ఎలా లెక్కేశామో ముందు చెప్తాను. ఒక ఆర్డర్ ఇంటికి చేర్చడానికి అయ్యే ఖర్చును 100 అనుకోండి, ఏ డబ్బైనా సరే. అందులో మాకు డెలివరీ కుర్రాడి టైముకు 70, బండికి 20, ప్యాకింగ్‌కు 10 పోతుంది. ఆ 70 రావడానికి నెల జీతాన్ని ఆ నెలలో నిజంగా చేర్చిన ఆర్డర్ల సంఖ్యతో భాగించాను. గంటకు ఎన్ని చేయగలడో ఊహించి వేస్తే ఖర్చు తక్కువగా కనిపిస్తుంది, తిరిగొచ్చే టైము, తలుపు తీసేదాకా నిలబడే టైము అందులో ఉండవు. ఇక సరుకు ధర, దాని మీద పన్ను, పేమెంట్ కమిషన్ పోగా మాకు మిగిలే మార్జిన్ అమ్మకంలో 25 శాతం. కస్టమర్ దగ్గర డెలివరీ ఛార్జి 40 తీసుకుంటే మిగతా 60 మార్జిన్ లోంచి రావాలి. 60ని 0.25తో భాగిస్తే 240. అందుకే మినిమమ్ 250 పెట్టాం. ఛార్జి లేకుండా పంపాలంటే 100ని 0.25తో భాగించాలి, 400 వస్తుంది, కాబట్టి ఫ్రీ డెలివరీ 450 నుంచి పెట్టాం.

ఫ్రీ డెలివరీ గీత మాత్రం మమ్మల్ని ఆశ్చర్యపరిచింది. 380, 400 దగ్గర ఆగే కార్టులు ఇంకో వస్తువు కలుపుకుని 450 దాటడం మొదలైంది. ఇంకా ఎంత కొంటే ఫ్రీ అవుతుందో కార్టులోనే కనిపిస్తుంది కదా, ఆ లైనుకున్న బలం నేను అనుకున్నదానికంటే చాలా ఎక్కువ.

ఏడో నెలలో ఏం జరిగిందంటే, ఆర్డర్లు ఎప్పుడూ లేనంతగా ఉన్నాయి, కానీ నెలాఖరుకు డెలివరీ వైపు మిగిలింది అంతకుముందు నెల కంటే తక్కువ. మొదట బండి రిపేర్లు అనుకున్నాను, తర్వాత సరుకు ఎక్కడైనా పోతోందేమో అని కూడా అనుమానపడ్డాను. చివరికి ఒక ఆదివారం కూర్చుని ఆ నెల ఆర్డర్లన్నీ డౌన్‌లోడ్ చేసి మొత్తాన్ని బట్టి వరుసగా పేర్చాను. 250కి, 270కి మధ్య గుంపుగా ఆర్డర్లు కనిపించాయి, అది మామూలే, గీత ఎక్కడుంటే జనం అక్కడికే చేరతారు. కానీ పక్క కాలమ్‌లో వాళ్లు నిజంగా కట్టిన మొత్తం చూస్తే 212, 220, 225 ఇలా ఉన్నాయి. ఆ గుంపులో సగానికి పైగా మా 15 శాతం కూపన్ వాడినవాళ్లే!

250 ఆర్డర్‌కు లెక్క వేసి చూడండి. సరుకు ధర, పన్ను, కమిషన్ కలిపి మాకు పడేది 187.5. కూపన్ పోగా కస్టమర్ సరుకుకు కట్టేది 212.5. అంటే మార్జిన్ 62.5 నుంచి 25కి పడిపోయింది. ఛార్జి 40 కలిపితే 65, ఖర్చు 100. ప్రతి ఆర్డర్‌కు 35 నష్టం. కూపన్ చిన్నదే కదా అనిపిస్తుంది, కానీ 15 శాతం పోయేది అమ్మకం లోంచి, అది మన 25లో సగానికి పైనే, ఇక మిగిలేది 10 శాతమే, అంటే 60 రావడానికి కావాల్సిన ఆర్డర్ 240 కాదు, 600!

వెంటనే సాఫ్ట్‌వేర్ వాళ్లకు చెప్పాను, కూపన్ తీసేశాక మినిమమ్ చూడండి అని. చాలా రోజులు తిప్పి చివరికి ఆ ఆప్షన్ ఇచ్చారు. అప్పుడు చాలా మందికి చెప్పాను కూడా, ఇది ఆన్ చేస్తే చాలు అని. ఆ మాట ఇప్పుడు వెనక్కి తీసుకోవాలి. కూపన్ పోయాక 250 ఉండాలంటే కార్టు 294 కావాలి. దాని మీద మాకు మిగిలే 10 శాతం 29 చిల్లర, ఛార్జితో కలిపి 69. ఇంకా 31 నష్టమే. అంటే ఆప్షన్ ఆన్ చేసినందుకు తగ్గింది నాలుగు, అంతే.

నిజంగా పని చేసింది కూపన్‌కే విడిగా మినిమమ్ పెట్టడం, అది కూడా శాతం తీసేసి ఒకే మొత్తం తగ్గింపుగా మార్చడం. ఇప్పుడు మా కూపన్ 20 తగ్గిస్తుంది, కార్టు 330 దాటితేనే పడుతుంది. 330 మీద మార్జిన్ 82.5, ఛార్జి 40, మొత్తం 122.5, అందులో 20 పోయి, 100 ఖర్చు పోయి 2.5 మిగులుతుంది. గొప్ప లాభమేమీ కాదు, కానీ పోవడం లేదు. ఫ్రీ డెలివరీ వచ్చిన ఆర్డర్‌కు ఇదే కూపన్ పడకుండా ఆపాం, రెండూ కలిస్తే మళ్లీ 480 దాకా వెళ్లాలి. శాతం కూపన్ ఎందుకు లేదని కొందరు అడిగారు, వాడటం మానేసినవాళ్లు కూడా కొందరు ఉండొచ్చు.

దూరాన్ని బట్టి ఛార్జి పెట్టే సెట్టింగును మొదట్లో బాగా మెచ్చుకున్నాను, ఇప్పటికీ బాగుందనే అంటాను, కాకపోతే అది మ్యాప్ మీద గుండ్రంగా గీత గీస్తుంది. రైలు పట్టాలకు అవతల ఉన్న ఇల్లు గీతలో 2 కిలోమీటర్లే, బండి మీద వంతెన చుట్టి వెళ్తే 5. అలాంటి చోట్లకు చేత్తో విడిగా జోన్ గీసుకోవాల్సి వచ్చింది. ప్యాకింగ్ టైములో ఒక వస్తువు లేక ఆర్డర్ 250 నుంచి 180కి పడితే 15 నష్టం, ఆ తప్పు మనది కాబట్టి కస్టమర్ దగ్గర అడగలేం, ఫోన్ చేసి బదులు వస్తువు ఇవ్వడమే మేం చేస్తున్నది.

మరి కొనమంటానా? మాకు డెలివరీ కుర్రాళ్లు నెల జీతం మీద ఉన్నారు, అందుకే మధ్యాహ్నం ఖాళీగా ఉండే రెండు గంటలు మినిమమ్ 120కి తగ్గిస్తాను. అప్పుడు మార్జిన్ 30, ఛార్జి 40, చేతినుంచి పోయేది బండికి, ప్యాకింగ్‌కు 30 మాత్రమే, జీతం ఎలాగూ ఇస్తున్నదే, అందులోకి 40 వస్తుంది. సాయంత్రం రద్దీలో అదే ఆర్డర్ తీసుకుంటే పెద్ద ఆర్డర్ ఒకటి ఆగిపోతుంది. టైమును బట్టి మినిమమ్ మార్చే ఈ సౌకర్యం కోసమే నేను ఇంకా దీన్ని వదల్లేదు. ట్రిప్పుకు ఇంత అని ఇచ్చేవాళ్లకు ఈ మధ్యాహ్నం లెక్క పనికిరాదు, వాళ్లకు ఏ గంటలోనైనా 100 అంటే 100 పోతుంది. మార్జిన్ 40 శాతం దాకా ఉన్నవాళ్లకైతే నా కూపన్ కోపం అంతగా తగలకపోవచ్చు కూడా, వాళ్లకు 15 పోయినా 25 మిగులుతుంది, మినిమమ్ 240 దగ్గరే నిలబడుతుంది.