ఆవు పాలా, డబ్బా పాలా, నీళ్లు కలిపిన పాలా: ఏడాది నిండని బిడ్డకు ఏది మేలు?

పిల్లల వార్డులో నర్సుగా చేసిన రోజుల్లో ఒక ఎనిమిది నెలల బాబును చూశాను. గుండ్రంగా, తెల్లగా, బుగ్గలు పొంగి ఉన్నాడు. వాళ్ల అమ్మమ్మ మురిసిపోతూ, "ఇంటి ఆవు పాలు సిస్టరమ్మా, రోజుకు లీటరు తాగుతాడు, అన్నం మాత్రం ముట్టడు" అంది. అరచేయి విప్పి చూస్తే కాగితంలా ఉంది. హిమోగ్లోబిన్ 6.8 వచ్చింది. ఆమె తెలుపు అనుకుని మురిసింది రక్తం లేక పాలిపోయిన రంగుని. తల్లి ఉద్యోగానికి వెళ్లడం మొదలుపెట్టాక, ఐదో నెల నుంచి ఆ బాబుకు ఆవు పాలే ఆధారం. మలాన్ని పరీక్షకు పంపితే కంటికి కనపడని రక్తం అందులో పోతోందని తేలింది.

ఆ అమ్మమ్మ తప్పు చేసిందని నేను ఏనాడూ అనుకోలేదు. ఆమెకు తెలిసిన వాటిలో అన్నిటికంటే శ్రేష్ఠమైనదే పెట్టింది. అందుకే ఇంట్లో ఉండే దారులన్నీ పక్కపక్కన పెట్టి చూద్దాం: తల్లిపాలు, డబ్బా పాలు, ఆవు లేదా గేదె పాలు, నీళ్లు కలిపిన పాలు, ఉత్త నీళ్లు.

ముందు ఇనుము సంగతి. నెలలు నిండి పుట్టిన బిడ్డ కడుపులో ఉండగానే ఇనుమును దాచుకుని వస్తుంది. ఆ నిల్వ నాలుగు నుంచి ఆరు నెలల వరకు సరిపోతుంది. తక్కువ బరువుతోనో నెలలు నిండకుండానో పుడితే ఇంకా ముందే అయిపోతుంది. ఆ తర్వాత రోజూ బయటి నుంచి రావాలి. విచిత్రం ఏమిటంటే తల్లిపాలలోనూ ఆవు పాలలోనూ ఇనుము తక్కువే, లీటరుకు అర మిల్లీగ్రాము దాటదు. తేడా ఒంటికి పట్టడంలో ఉంది. తల్లిపాలలో ఉన్న కాస్త ఇనుములో సగం దాకా బిడ్డ రక్తంలోకి చేరుతుంది. ఆవు పాలలో ఉన్నదాంట్లో పదో వంతు చేరడమే కష్టం. ఆవు పాలలో కాల్షియం తల్లిపాల కంటే నాలుగు రెట్లు, కేసిన్ అనే ప్రోటీన్ కూడా చాలా ఎక్కువ. ఈ రెండూ కలిసి పక్కన ఉన్న ఇనుమును, అంటే పప్పు, ఆకుకూర, రాగి జావలోని ఇనుమును కూడా పేగు దాటనివ్వవు. ఆవు పాల మీద నా అసలు ఫిర్యాదు ఇదే. తానివ్వకపోవడం ఒకటి, తిన్న తిండి ఇచ్చేదాన్ని అడ్డుకోవడం ఇంకొకటి. పైగా కడుపు నిండిపోయి బిడ్డ ముద్ద ముట్టదు.

దీనికి తోడు మలంలో రక్తం. ఏడాది లోపు పిల్లల్లో చాలామందికి మామూలు ఆవు పాలు పేగు లోపలి పొరను రేపి, కొద్దికొద్దిగా రక్తం కారేలా చేస్తాయి. మలం రంగు మారదు, బిడ్డ ఏడవదు, ఎవరికీ తెలియదు. లెక్క వేసి చూడండి. రోజుకు 600 మి.లీ. ఆవు పాలు తాగే బిడ్డకు వాటి ద్వారా ఒంటికి పట్టే ఇనుము 0.03 మిల్లీగ్రాము. ఒక్క మి.లీ. రక్తం పోతే దాంతో పోయే ఇనుము సుమారు 0.37 మిల్లీగ్రాము. అంటే పది పన్నెండు రోజుల పాల రాబడి ఒక్క మి.లీ. రక్తంతో పోతుంది. ఈ వయసులో బిడ్డ పెరగడానికి రోజుకు ఒంటికి పట్టాల్సింది 0.7 మిల్లీగ్రాముకు పైనే. రక్తం తగ్గకపోతే ఆశ్చర్యపోవాలి.

డబ్బా పాలు ఇక్కడ ఆవు పాల కంటే స్పష్టంగా మేలు. అవీ ఆవు పాలతో చేసినవే, కానీ వాటికి ఇనుము కలుపుతారు, ప్రోటీన్ తగ్గిస్తారు, వేడి ప్రక్రియ వల్ల ఆ రక్తం కారడం కూడా కనపడదు. ఇనుము ఎంత కలిపారో డబ్బా మీద రాసే ఉంటుంది, చదవండి.

ఇప్పుడు కిడ్నీల సంగతి. బిడ్డ తాగిన పాలలో పెరుగుదలకు వాడగా మిగిలిన ప్రోటీన్ యూరియా అవుతుంది. అదీ, ఉప్పూ, పొటాషియం, ఫాస్ఫరస్ అన్నీ మూత్రంతోనే బయటికి పోవాలి. ఈ బరువును మిల్లీఆస్మోల్ అనే కొలతలో చెబుతారు. లీటరు తల్లిపాలకు అది 93, డబ్బా పాలకు 135 దరిదాపు, ఆవు పాలకు 308. గేదె పాలు మరింత చిక్కన, ప్రోటీన్ ఇంకా ఎక్కువ, కాబట్టి అవి తేలిక అనుకోవద్దు. పెద్దవాళ్ల కిడ్నీ మూత్రాన్ని బాగా చిక్కబరిచి తక్కువ నీటితో పని కానిస్తుంది. తొలి నెలల బిడ్డ కిడ్నీకి అందులో సగం శక్తే ఉంటుంది.

మూడు నెలల బిడ్డ, ఐదు కిలోల బరువు, రోజుకు 750 మి.లీ. పాలు తాగుతోంది అనుకుందాం. ఆ పాలలో నీరు సుమారు 650 మి.లీ. శ్వాస, చర్మం, మలం ద్వారా 300 మి.లీ. పోతుంది. మూత్రానికి 350 మిగిలింది. తల్లిపాలయితే వ్యర్థాలు బయటికి పంపడానికి 120 మి.లీ. చాలు. ఆవు పాలయితే 385 మి.లీ. కావాలి. మామూలు రోజునే కాస్త అంచు దాటాం. ఇక జ్వరం వచ్చిందో, మే నెల ఎండలో విరేచనాలు పట్టుకున్నాయో, 300 పోయే చోట 500 పోతుంది. మూత్రానికి మిగిలేది 150. తల్లిపాల బిడ్డ గట్టెక్కుతుంది. ఆవు పాల బిడ్డ రక్తంలో సోడియం పేరుకుపోతుంది. అలాంటి బిడ్డ చర్మం పిండి ముద్దలా మెత్తగా తగులుతుంది, ఏడుపు కీచుగా ఉంటుంది, దాహంతో దేన్నయినా ఆబగా పీలుస్తుంది. పైకి ఎండిపోయినట్లు పెద్దగా కనపడకపోవడం వల్లే ఆలస్యమవుతుంది.

"అయితే సగం నీళ్లు కలిపి పడితే సరి కదా" అని మన ఇళ్లలో వెంటనే అంటారు. కిడ్నీ బరువు తగ్గుతుంది, నిజమే. కానీ వంద మి.లీ. ఆవు పాలలో ఉండే 65 కేలరీలు 33కి పడిపోతాయి. ఐదు కిలోల బిడ్డకు రోజుకు దాదాపు 500 కేలరీలు కావాలి. అంటే లీటరున్నర తాగాలి, అది ఏ బిడ్డకూ సాధ్యం కాదు. ఇనుము సగం అవుతుంది. ఆ నీళ్లు, పాలపీక సరిగ్గా మరగకపోతే విరేచనాలు అదనం. నా లెక్కలో నీళ్లపాలు ఈ అన్నిటిలో అట్టడుగున ఉంటాయి. డబ్బా పాలను పొదుపు కోసం పలచన చేయడం కూడా ఇదే తప్పు. చాలా డబ్బాలకు 30 మి.లీ. నీటికి ఒక స్కూపు అని ఉంటుంది, దాన్ని 60కి లాగితే బిడ్డ సగం ఆకలితో పడుకుంటుంది.

ఉత్త నీళ్ల ప్రమాదం సోడియం పేరుకుపోవడానికి ఎదురు దిక్కున ఉంది. "ఎండాకాలం, గొంతు తడుస్తుంది, ఉగ్గు గిన్నెతో రెండు చెంచాలు పట్టండి" అనే మాట ప్రతి ఇంట్లో వింటాం. తల్లిపాలలో నూటికి 87 పాళ్లు నీళ్లే. ఎండ కాసినప్పుడు బిడ్డ ఎక్కువసార్లు అడుగుతుంది, ఆ అడిగిన పాలే దాహం తీరుస్తాయి. చిన్న బిడ్డ కిడ్నీ ఎక్కువ నీటిని ఒకేసారి బయటికి పంపలేదు. నాలుగు కిలోల బిడ్డ ఒంట్లో నీరు 2.8 లీటర్ల దాకా ఉంటుంది. ఒక పూటలో 300 మి.లీ. నీళ్లు పట్టి, అవి బయటికి పోలేదనుకోండి, రక్తంలో 140 ఉన్న సోడియం 126కి దిగుతుంది. 125 దగ్గరకు వచ్చిందంటే మూర్ఛలు వచ్చే అవకాశం ఉంది. ముందు మత్తుగా ఉంటుంది, ముఖం, కనురెప్పలు ఉబ్బుతాయి, ఒళ్లు చల్లబడుతుంది. జ్వరం లేకుండా చిన్న బిడ్డకు మూర్ఛ వస్తే డాక్టరు "నీళ్లు, గ్రైప్ వాటర్, చక్కెర నీళ్లు, వాము నీళ్లు ఎంత పట్టారు" అని అడుగుతారు. దాచకుండా చెప్పండి. రెండు చెంచాలతో మూర్ఛ రాదు, కానీ ఆ రెండు చెంచాలు చిన్న పొట్టలో పాల చోటు తినేస్తాయి, బిడ్డ తక్కువ చీకితే తల్లికి పాలు తగ్గుతాయి.

కాబట్టి ఆరు నెలలు నిండేదాకా నా తీర్పు సూటిగా ఉంటుంది. తల్లిపాలు మాత్రమే, కుదరనప్పుడు సరిగ్గా కలిపిన డబ్బా పాలు. ఉద్యోగానికి వెళ్లే తల్లి పిండిన పాలను దాచి ఇంట్లో వాళ్లతో గిన్నె, చెంచాతో పట్టించవచ్చు. నీళ్లు వద్దు. బిడ్డ రోజుకు ఆరుసార్లకు పైగా లేత రంగు మూత్రం పోస్తూ, బరువు పెరుగుతుంటే దాహం లేనట్టే. విరేచనాలప్పుడు ఓఆర్‌ఎస్ అవసరమయితే డాక్టరు చెబుతారు, దాన్ని మాత్రం పట్టాలి.

ఆరు నెలలు దాటాక తీర్పులో కాస్త సడలింపు ఉంది. అన్నప్రాశన అయ్యాక, ముద్దతో పాటు కాచి చల్లార్చిన నీళ్లు గుక్కగుక్కగా ఇవ్వొచ్చు, రోజు మొత్తానికి 120 నుంచి 240 మి.లీ. చాలు. పాల విషయంలో పెద్ద సంస్థలే ఒక మాట మీద లేవు. అమెరికా పిల్లల వైద్యుల సంఘం ఏడాది దాకా తాగే పాలుగా ఆవు పాలు వద్దంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో, తల్లిపాలు అందని 6–11 నెలల పిల్లలకు డబ్బా పాలు గానీ జంతువుల పాలు గానీ ఇవ్వొచ్చని చెప్పింది, ఆధారాలు బలహీనమని తానే ఒప్పుకుంటూ. పదార్థాల ధర చూసుకునే కుటుంబానికి ఇది అక్కరకొచ్చే మాట. నా మటుకు, తల్లిపాలు ఉంటే అవే, లేదంటే కొనగలిగితే డబ్బా పాలు. కొనలేని ఇంట్లో ఆరు నెలల తర్వాత నీళ్లు కలపని, బాగా కాచిన ఆవు పాలు అర లీటరు దాటకుండా ఇవ్వండి, భోజనంతో పాటు కాకుండా వేరే వేళ. పెరుగన్నంలోనో జావలోనో కాస్త వేయడానికి అభ్యంతరం లేదు.

అప్పుడు ఇనుము బాధ్యత తిండి మీద పడుతుంది. గుడ్డు, మెత్తగా ఉడికించిన కోడి కార్జం, చేప, పప్పులో ఆకుకూర, దాని మీద రెండు చుక్కల నిమ్మరసం. మాంసం తినని ఇంట్లో నిమ్మరసం మరింత ముఖ్యం. ఆరు నెలలు నిండిన పిల్లలకు ఆశా కార్యకర్త ఇచ్చే ఐరన్ సిరప్ వారానికి రెండుసార్లు ఒక్కో మి.లీ., అందులో 20 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. దాన్ని పాలలో కలిపి పట్టడం చాలాసార్లు చూశాను. అలా చేస్తే పాలలోని కాల్షియం మళ్లీ అడ్డుపడుతుంది. పాలకు గంట ఎడంగా ఇవ్వండి, మలం నల్లగా వస్తే భయపడకండి.

మొదట చెప్పిన బాబుకు పాలు అర లీటరుకు తగ్గించి, డాక్టరు రాసిన మోతాదులో ఇనుము మందు మొదలుపెట్టారు. మొదటి వారం పాల కోసం ఏడ్చాడు. ఆకలి వేసి ముద్ద తినడం మొదలుపెట్టాడు. మూడు నెలలకు హిమోగ్లోబిన్ 11 దాటింది, అయినా నిల్వలు నిండేదాకా మందు ఇంకొన్నాళ్లు ఆపొద్దని డాక్టరు చెప్పారు. ఏడాది నిండాక కూడా ఆవు పాలు కొలతలోనే ఇచ్చారు, రోజుకు రెండు గ్లాసులు, అన్నం తిన్న చాలాసేపటికి.