పెట్టె లేని స్పోర్ట్స్ షూలు కొనేవారికి హెచ్చరిక: రన్నింగ్ షూ పేరుతో ఫుట్‌బాల్ షూ అంటగడుతున్నారు

నెల్లూరు, కావలి, ఒంగోలు పట్టణాల్లో రోడ్డు పక్కన టార్పాలిన్ మీద కుప్పగా పోసి, లేదా అద్దె హాలులో నాలుగు రోజుల సేల్ అని బ్యానర్ కట్టి, పెట్టెలు లేని స్పోర్ట్స్ షూలు అమ్మేవారి దగ్గర కొనబోయేవారు, ముఖ్యంగా కానిస్టేబుల్ ఎంపికల్లోని 1600 మీటర్ల పరుగు కోసం సాధన చేస్తున్న యువకులు, డబ్బు చేతిలో పెట్టే ముందు ఇది చదవాలని కోరుతున్నాను. నేను ఈ ప్రాంతంలో ఒక ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పని చేస్తున్నాను. మా పూర్వ విద్యార్థి ఒకరు కావలిలో ఇలాంటి సేల్‌లో 1,400 రూపాయలకు కొన్న జతను, పిక్కల నొప్పి తగ్గడం లేదంటూ నా దగ్గరకు తెచ్చి చూపించారు. ఆ జత రన్నింగ్ షూ కాదు. దానిని రన్నింగ్ షూలా అనిపించేటట్లు మార్చి అమ్మారు.

ఆ షూ అడుగున మునికాలి నుండి మడమ వరకు చిన్న చిన్న రబ్బరు గుబ్బలు దగ్గర దగ్గరగా ఉన్నాయి. అవి దాదాపు ఒకే ఎత్తులో, చిటికెన వేలి గోరు కంటే చిన్నవిగా, కొన్ని గుండ్రంగా, కొన్ని ఆరు పలకలుగా ఉన్నాయి. "గ్రిప్పు చూడు తమ్ముడూ, గ్రౌండులో ఎక్కడా జారదు" అని అమ్మిన వ్యక్తి ఆ గుబ్బలనే చూపించి ఒప్పించాడట. ఆ మాటలో అబద్ధం లేదు. ఆ గుబ్బలు కృత్రిమ గడ్డి పరిచిన గట్టి మైదానంలో ఫుట్‌బాల్ ఆడేటప్పుడు, పక్కలకు తిరిగినా, ఉన్నట్టుండి ఆగినా కాలు జారకుండా ఉండడానికి పెట్టినవి. దీనిని టర్ఫ్ షూ అంటారు. సాధారణంగా ఫుట్‌బాల్ షూ అనగానే మన కళ్ల ముందు మెదిలేది పొడవైన స్టడ్లు ఉన్న బూటు కాబట్టి, ఈ చిన్న గుబ్బల షూని చూసి అనుమానించేవారు తక్కువ. పెట్టె లేకుండా జరిగే మోసం ఎక్కువగా ఈ రకంతోనే జరుగుతోంది.

అసలు మోసం అడుగున కాదు, లోపల ఉంది. షూలో కాలు పెట్టినప్పుడు చాలా మెత్తగా తగిలిందని ఆ అబ్బాయి చెప్పాడు. లోపలి అట్టను, అంటే అరికాలికి తగిలే ఇన్‌సోల్‌ను, మడమ వైపు నుండి పైకి లాగి చూస్తే అది ఆ షూతో వచ్చినది కాదని తేలింది. బజారులో విడిగా దొరికే మందపాటి స్పాంజి ముక్కను అంచులు కత్తిరించి జిగురుతో అంటించారు. బొటనవేలితో నొక్కితే అది పూర్తిగా అణిగిపోయి, కింద ఉన్న గట్టి అడుగు వేలికి తగిలింది. పరిగెత్తేటప్పుడు ప్రతి అడుగులో శరీర బరువుకు రెండు మూడు రెట్ల బలం కాలి మీద పడుతుంది. ఆ బలాన్ని తట్టుకోవలసింది ఇన్‌సోల్ కాదు. దానికీ అడుగు రబ్బరుకూ మధ్య ఉండే నురుగు పొర, అంటే మిడ్‌సోల్. రోడ్డు మీద పరిగెత్తడానికి చేసిన మామూలు షూలో మడమ కింద ఈ పొరలన్నీ కలిపి సుమారు 3 సెంటీమీటర్లు, కొన్ని మోడళ్లలో అంతకంటే ఎక్కువ మందం ఉంటాయి. మా దగ్గరకు వచ్చిన జతలో స్పాంజి తీసేస్తే మిగిలినది అందులో సగం కూడా లేదు.

అందువల్ల నా మొదటి సలహా ఒక్కటే. షూ చేతికి తీసుకోగానే ఇన్‌సోల్ బయటకు తీసి చూడండి. అంటించి ఉందని అమ్మేవారు అభ్యంతరం చెబితే, మడమ దగ్గర అంచు మాత్రమైనా ఎత్తి చూపించమనండి. ఆ తరువాత ఒక చేతి వేలిని లోపల మడమ భాగంలో ఆనించి, రెండో చేతి వేలిని బయట సరిగ్గా దాని కిందనే ఆనించండి. ఈ రెండు వేళ్ల మధ్య దూరమే నిజమైన మందం. పక్కనుండి చూసి అంచనా వేస్తే పొరపడతాము, ఎందుకంటే చాలా షూలలో నురుగు అంచులు పాదం చుట్టూ గోడలా పైకి లేచి, ఉన్నదాని కంటే ఎక్కువ మెత్త ఉన్నట్లు కనిపిస్తాయి. ఇదే కొలతను వేళ్ల మడత దగ్గర కూడా చూడండి. రోడ్డు షూలు చాలావాటిలో మడమ వైపు మందం మునికాలి వైపు కంటే 8 నుండి 12 మిల్లీమీటర్ల దాకా ఎక్కువ ఉంటుంది. టర్ఫ్ షూలో ఈ తేడా సాధారణంగా తక్కువ. ఎత్తు మడమకు అలవాటుపడిన కాలితో హఠాత్తుగా పల్చటి, చదునైన అడుగు మీద పరిగెత్తితే పిక్కల మీద, మడమ వెనుక నరం మీద లాగుడు పెరుగుతుంది. ఆ అబ్బాయి నొప్పి కూడా అక్కడే మొదలైంది. వేళ్ల మడత కింద చర్మం కందిపోవడానికి మాత్రం గుబ్బలే కారణం. గట్టి నేల మీద అవి లోపలికి దిగే వీలు లేక, ఒక్కొక్కటీ విడిగా అరికాలిని పొడుస్తాయి.

ఇక అడుగు విషయానికి వస్తే, రోడ్డు రన్నింగ్ షూ అడుగు చూడడానికి సాదాగా ఉంటుంది. చదునైన రబ్బరు పలకలు, వాటి మధ్య సన్నని గాడులు, మునికాలి దగ్గర అడ్డంగా వంగడానికి వీలుగా కొన్ని లోతైన గీతలు ఉంటాయి. మడమ బయటి అంచున, బొటనవేలి కింద రబ్బరు ఎక్కువగా వేసి, బరువు తగ్గించడానికి నడుమ భాగంలో నురుగును చాలా మోడళ్లలో అలాగే వదిలేస్తారు. నడుమ నురుగు కనిపించిందని నాసిరకం అనుకొని పక్కన పెట్టేవారిని చూశాను, అది సరికాదు. ముక్కు భాగం నేల నుండి కొద్దిగా పైకి లేచి ఉండడం కూడా రన్నింగ్ షూ లక్షణమే.

కొండ దారుల్లో, రాళ్ల బాటల్లో పరిగెత్తడానికి చేసిన ట్రైల్ షూను టర్ఫ్ షూ పక్కన పెడితే తికమక పడడం సహజం, ఎందుకంటే రెండింటికీ అడుగంతా దంతాలే. అయితే ట్రైల్ షూ దంతాలకు దిశ ఉంటుంది. చాలావాటిలో అవి బాణం ముక్కల్లా లేదా పలకల్లా ఉండి, మునికాలి దగ్గర ఒకవైపుకు, మడమ దగ్గర దానికి ఎదురు దిశకు తిరిగి ఉంటాయి. ముందరివి ఎక్కేటప్పుడు పట్టుకోవడానికి, వెనుకవి దిగేటప్పుడు ఆపడానికి. ఎత్తు సుమారు 3 నుండి 5 మిల్లీమీటర్లు, బురద కోసం చేసిన వాటిలో అంతకంటే ఎక్కువ. మట్టి ఇరుక్కోకుండా రాలిపోవడానికి దంతాల మధ్య ఎడం కూడా ఉంటుంది. టర్ఫ్ షూ గుబ్బలకు దిశ ఉండదు, ఎటు తిప్పి చూసినా ఒకేలా ఉంటాయి. మరో గుర్తు ముక్కు దగ్గర దొరుకుతుంది. ట్రైల్ షూలో రాళ్లు తగిలినా వేళ్లకు దెబ్బ తగలకుండా ముక్కుకు రబ్బరు తొడుగు ఉంటుంది, మట్టి లోపలికి పోకుండా లేసుల కింది నాలుకను రెండు పక్కలా కుట్టేస్తారు. టర్ఫ్ షూ పైభాగం బంతిని తన్నడానికి వీలుగా నున్నగా, పాదానికి బిగుతుగా, మునివేళ్ల దగ్గర ఇరుకుగా ఉంటుంది.

ఉదయగిరి కొండ మెట్లకూ భైరవకోన దారుల్లాంటి రాళ్ల బాటలకూ ట్రైల్ షూ బాగా సరిపోతుంది. దానిని రన్నింగ్ షూ అని అమ్మినా పెద్ద అపాయం లేదు. నురుగు ఉంటుంది కాబట్టి కాలికి హాని తక్కువ, కాకపోతే తారు రోడ్డు మీద దంతాలు త్వరగా అరిగిపోతాయి, అడుగు బరువుగా తోస్తుంది. మట్టి ట్రాకు మీదే పరుగు సాధన చేసేవారు తక్కువ ధరకు దొరికితే తీసుకోవచ్చునని నా అభిప్రాయం.

పొడవైన స్టడ్ల బూటును గుర్తించడానికి ఎక్కువ చెప్పనవసరం లేదు. గట్టి ప్లాస్టిక్ పలకకు పది పన్నెండు స్టడ్లు అచ్చుపోసి ఉంటాయి, లేదా ఆరు లోహపు స్టడ్లు మర తిప్పి బిగించి ఉంటాయి. బల్ల మీద తడితే టకటకమంటుంది, నురుగు పొర దాదాపు ఉండదు. దానిని రన్నింగ్ షూ అని అమ్మేంత ధైర్యం ఎవరూ చేయరు గాని, స్టడ్లను కోసి చదును చేసి అమ్మిన జత ఒకటి నా కంటపడింది. అడుగున గుండ్రటి, చుట్టుపక్కల కంటే తెల్లబారిన కోత మచ్చలు కనిపిస్తే దానిని ముట్టుకోవద్దు.

వంచి చూసే పరీక్షను మాత్రం పూర్తిగా నమ్మవద్దు. మునికాలి దగ్గర సులువుగా వంగితే రన్నింగ్ షూ అని చాలామంది చెబుతారు. టర్ఫ్ షూ కూడా అలాగే వంగుతుంది. రాళ్ల నుండి కాపాడే పలక ఉన్న ట్రైల్ షూ, కార్బన్ పలక ఉన్న ఖరీదైన రోడ్డు షూ అంత తేలికగా వంగవు. అలాగే గుండ్రటి రబ్బరు స్టడ్లు ఉండి, మడమ కింద కొంత నురుగు కూడా ఉన్న తెల్ల షూ దొరికితే అది క్రికెట్ షూ అయి ఉండవచ్చు. మన దగ్గర ఆ కుప్పల్లో అవి కూడా ఎక్కువగానే ఉంటాయి.

నాలుక లోపలి వైపు సైజు చీటీని తప్పక చూడండి. అందులో సైజులతో పాటు మోడల్ సంఖ్య ఉంటుంది; దానిని ఫోనులో వెతికితే ఆ షూ ఏ ఆటకు చేసినదో చాలాసార్లు తెలిసిపోతుంది. ఫుట్‌బాల్ షూ పేరు చివర టీఎఫ్ అని ఉంటే టర్ఫ్, ఎఫ్‌జీ అని ఉంటే గట్టి గడ్డి నేల, ఎస్‌జీ అని ఉంటే మెత్తటి తడి నేల, ఏజీ అని ఉంటే పొడవాటి కృత్రిమ గడ్డి అని అర్థం. ఈ అక్షరాలు కొన్నిసార్లు మడమ మీద లేదా అడుగున నడుమ భాగంలో కూడా అచ్చువేసి ఉంటాయి. మేము చూసిన జతలో చీటీని కత్తిరించి తీసేశారు, కుట్టుదారపు మొనలు మాత్రం మిగిలాయి. చీటీ లేని జతను ఎంత తక్కువకు ఇచ్చినా వదిలేయండి.

కొనేటట్లయితే బిల్లు మీద "రన్నింగ్ షూ" అని రాయించుకోండి. అలా రాసి ఉంటే, వస్తువు వేరేదని తేలినప్పుడు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు చేయడానికి ఆధారం ఉంటుంది. ఆ అబ్బాయికి బిల్లుగా ఇచ్చిన కాగితంలో "షూ 1, 1400" అని తప్ప ఏమీ లేదు, అమ్మినవారి పేరూ చిరునామా కూడా లేవు. మేము వెళ్లేసరికి ఆ హాలులో పెళ్లి సామాను దింపుతున్నారు. తరువాత మరో సేల్‌లో ఒక జతను పట్టుకొని బిల్లు మీద రన్నింగ్ షూ అని రాయమని అడిగితే, "అట్టా రాయం సార్, నచ్చితే తీసుకోండి" అన్నారు. ఆ జత అడుగున కూడా అవే గుబ్బలు ఉన్నాయి.