రీసేల్ ఫ్లాట్ కొనేవాళ్లు జాగ్రత్త: మీ బ్రోకర్ ఓనర్‌తో ‘నెట్ రేటు’ మాట్లాడుకున్నాడేమో ముందే తేల్చుకోండి

హైదరాబాద్‌లో రీసేల్ ఫ్లాట్ చూస్తున్నవాళ్లు ఇది చదివాకే టోకెన్ ఇవ్వండి. మియాపూర్ వైపు ఒక టూ బీహెచ్‌కే మాకు బాగా నచ్చింది. బ్రోకర్ 66 లక్షలు చెప్పాడు, తన కమీషన్ 1 శాతం అన్నాడు. అందులో 5 లక్షలు మాత్రం క్యాష్‌గా తన చేతికే ఇవ్వాలట, ఓనర్‌కి వైట్‌లో చూపించడం ఇష్టం లేదట. ఓనర్‌తో ఒకసారి కూర్చుంటామంటే ‘పెద్దాయనకి బేరాలంటే కోపం, పైగా ఇంకో పార్టీ రెడీగా ఉంది’ అని దాటేశాడు, టోకెన్ లక్ష కూడా తన అకౌంట్‌లోనే వేయించుకున్నాడు.

అగ్రిమెంట్ రోజు ఓనర్ గారు డ్రాఫ్ట్ చదువుతుంటే మా ఆవిడ ‘ఆ 5 లక్షలు ఇవాళే ఇవ్వాలా అంకుల్?’ అని అడిగింది. ఆయన కళ్లజోడు తీసి ‘ఏ 5 లక్షలమ్మా, నేను చెప్పింది 61’ అన్నారు. ఫోన్ వచ్చిందంటూ బ్రోకర్ బయటికి వెళ్లిపోయాడు.

నెట్ రేటు అంటే ఇదే. ఓనర్‌కి చేతికి ఇంత అని ఒప్పుకుని, ఆ పైన ఎంతకి అమ్మినా మిగిలింది బ్రోకర్‌ది. మామూలు 1 శాతం కమీషన్ మీద అయితే మనకి 2 లక్షలు తగ్గించినా అతనికి పోయేది 2 వేలే. నెట్ రేటులో ఆ 2 లక్షలూ నేరుగా అతని జేబులోంచే పోతాయి, ఇక మన తరఫున బేరం ఎందుకు ఆడతాడు? ఆ తేడా అగ్రిమెంట్‌లో కనపడకూడదు కాబట్టే క్యాష్ కథ. స్థిరాస్తి అమ్మకానికి 20 వేలు, అంతకు మించి క్యాష్ తీసుకోవడం ఇన్‌కమ్ ట్యాక్స్ చట్టం ప్రకారం ఎలాగూ కుదరదు, కాబట్టి ఆ మాట వినగానే ఓనర్‌నే అడిగేయండి.

లీగల్ ఒపీనియన్ ఇచ్చిన లాయర్ గారిని కూడా బ్రోకరే తెచ్చాడు. ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు, తాకట్లు చూపించే ఈసీ 13 ఏళ్లకే తీసి ‘క్లియర్’ అని రాసిచ్చారు. తర్వాత మేం వేరే లాయర్‌కి చూపిస్తే ఆయన మొదట అడిగింది 30 ఏళ్ల ఈసీ, లింక్ డాక్యుమెంట్ల ఒరిజినల్స్. నెలనెలా కేసులు తెచ్చే బ్రోకర్ డీల్‌ని ఆపమని చెప్పడం ఏ లాయర్‌కైనా కష్టమే, అందుకే ఫీజు మీరే ఇచ్చి, మీరే వెతుక్కున్న మనిషి చేత చూపించండి.

చివరికి ఓనర్ గారితో నేరుగా 61కే కుదిరింది, కానీ టోకెన్ లక్ష బ్రోకర్ ఇంకా తిరిగివ్వలేదు. అతని అకౌంట్‌లో వేసిన డబ్బు కాబట్టి ఓనర్‌ని అడగలేం. మీరు మాత్రం టోకెన్ చెక్ ఓనర్ పేరు మీదే రాయండి, కమీషన్ శాతంలో కాకుండా ఇంత మొత్తం అని ముందే కాగితం మీద పెట్టించండి, అవతలి వైపు నుంచి ఎంత తీసుకుంటున్నాడో కూడా అదే కాగితంలో రాయించండి. రాయనంటే వేరే బ్రోకర్‌ని చూసుకోండి.